షాఫ్ట్ సొంతంగా చేసుకోవాలా, బయట కొనాలా: కాస్ట్ షీట్‌లోని 480 రూపాయల్లో నిజంగా మిగిలేది ఎంత?

సబ్‌మెర్సిబుల్ పంపులు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌ని ఊహించుకుందాం. హైదరాబాద్ బాలానగర్‌లో అద్దె షెడ్డు, ఏడాదికి 12,000 పంపుల ఉత్పత్తి. పంపు లోపల తిరిగే స్టీల్ షాఫ్ట్‌ని ఈ యూనిట్ సొంత సీఎన్‌సీ లేత్ మీదే తయారుచేసుకుంటోంది. అకౌంటెంట్ వేసిన కాస్ట్ షీట్ ప్రకారం ఒక్కో షాఫ్ట్‌కి 480 రూపాయలు పడుతోంది. ఇంతలో ఒక వెండర్ వచ్చి, అదే గ్రేడ్ స్టీల్‌తో, అదే కొలతలతో 415కే ఇస్తానని కొటేషన్ పెట్టాడు.

షాఫ్ట్‌కి 65 రూపాయలు తేడా. 12,000 షాఫ్టులకి 7,80,000. పైకి చూస్తే ఆలోచించాల్సిన పనే లేదు. కానీ కొంచెం లోపలికి వెళితే, ఈ కొటేషన్‌కి ఒప్పుకుంటే ఈ యూనిట్ ఏడాదికి 8 లక్షలకు పైగా నష్టపోతుందని తేలుతుంది. ఎక్కడా కూడికలో తప్పు లేదు, కాస్ట్ షీట్‌లో అబద్ధం లేదు. మరి తేడా ఎక్కడ వచ్చింది?

## కాస్ట్ షీట్ వేరే ప్రశ్నకి జవాబు చెబుతుంది

కాస్ట్ షీట్‌లో ఉన్న లెక్క ఇది:

| ఖర్చు | ఒక షాఫ్ట్‌కి (రూ.) |
|---|---|
| స్టీల్ రాడ్డు (తుక్కు అమ్మితే వచ్చేది తీసేశాక) | 210 |
| నలుగురు ఆపరేటర్ల జీతాలు | 90 |
| కరెంటు, టూల్ ఇన్సర్టులు, కూలెంట్ | 40 |
| లేత్ మీద తరుగుదల | 60 |
| సూపర్‌వైజర్ జీతం | 30 |
| షెడ్డు అద్దె, ఆఫీసు, సెక్యూరిటీలో వాటా | 50 |
| మొత్తం | 480 |

ఏడాది చివర గోడౌన్‌లో మిగిలిన సరుకుకి విలువ కట్టాలి కదా. మన దేశంలో అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం ఆ విలువలో ఫ్యాక్టరీకి సంబంధించిన స్థిర ఖర్చుల వాటా కూడా కలపాలి. అందుకే అద్దెలోనూ, తరుగుదలలోనూ ఒక ముక్క వచ్చి ప్రతి షాఫ్ట్ నెత్తిన కూర్చుంటుంది. ‘జరిగిన ఖర్చుని సరుకు మీద ఎలా పంచాలి’ అన్న ప్రశ్నకి 480 సరైన జవాబే.

యజమాని ముందున్న ప్రశ్న మాత్రం అది కాదు. ‘రేపటి నుంచి షాఫ్ట్ చేయడం ఆపేస్తే నా జేబులోంచి వెళ్లే డబ్బు ఎంత తగ్గుతుంది?’ అన్నది ఆయన ప్రశ్న. ఆ తగ్గేదాన్నే రిలవెంట్ కాస్ట్ అంటారు, అంటే ఈ నిర్ణయానికి సంబంధించిన ఖర్చు. ఒక ఖర్చు ఈ లెక్కలోకి రావాలంటే రెండు లక్షణాలు ఉండాలి. అది ఇకమీదట జరగబోయేదై ఉండాలి, రెండు దారుల్లో వేరువేరుగా ఉండాలి. ఇప్పటికే పెట్టేసి, వెనక్కి తీసుకోలేనిదాన్ని మునిగిన ఖర్చు అంటారు. అది మొదటి పరీక్షలోనే పోతుంది. ఏ దారిలో వెళ్లినా తప్పని స్థిర ఖర్చు రెండో పరీక్షలో పోతుంది.

## ఒక్కో వరుసనీ తట్టి చూస్తే

స్టీల్ రాడ్డు 210 రూపాయలతో పేచీ లేదు. షాఫ్ట్ చేయకపోతే రాడ్డు కొనం. అయితే ఇక్కడొక చిన్న సంగతి ఉంది. లేత్ మీద రాలే చిప్స్‌నీ, రాడ్డు చివరి ముక్కల్నీ తుక్కు వ్యాపారికి అమ్మితే వచ్చే డబ్బు కూడా షాఫ్ట్ ఆపితే ఆగిపోతుంది. ఆ రాబడిని తీసేయకుండా రాడ్డు బిల్లుని ఉన్నదున్నట్టు రాస్తే, సొంత తయారీ నిజం కన్నా ఖరీదుగా కనిపిస్తుంది. మన షీట్‌లో తీసేసే రాశారు కాబట్టి 210 సరే. కరెంటు, ఇన్సర్టులు, కూలెంట్‌కి అయ్యే 40 రూపాయలు కూడా మిగిలేవే, అందులో మీటర్ తిరిగితే పడే యూనిట్ల ఛార్జీ మాత్రమే ఉన్నంతవరకు. కనెక్షన్ లోడ్ మీద నెలనెలా పడే డిమాండ్ ఛార్జీ అందులో కలిసి ఉంటే, లోడ్ తగ్గించుకోనిదే ఆ భాగం తగ్గదు.

జీతాల దగ్గరే చాలామంది తడబడతారు. పాఠ్యపుస్తకాల్లో కూలి అంటే ఉత్పత్తితో పాటు పెరిగి తగ్గే చర వ్యయం, సూపర్‌వైజర్ జీతం అంటే ఉత్పత్తి ఎంతైనా మారని స్థిర వ్యయం. కాబట్టి మొదటిది లెక్కలోకి వస్తుంది, రెండోది రాదు అని గుడ్డిగా రాసేస్తారు. మన యూనిట్‌లో సంగతి తలకిందులుగా ఉంది. నలుగురు ఆపరేటర్లలో ఇద్దరు పర్మనెంట్. షాఫ్ట్ పని ఆగినా వాళ్లని తీసేసే ఉద్దేశం లేదు, అసెంబ్లీలో ఎక్కడో ఒకచోట సర్దుతారు. వాళ్ల జీతం అలాగే నడుస్తుంది. మిగతా ఇద్దరు కాంట్రాక్టు మనుషులు, వాళ్ల ఖర్చు ఆగుతుంది. అంటే 90లో 45 మాత్రమే మిగులు. సూపర్‌వైజర్ ఈ ఒక్క సెక్షన్ కోసమే ఉన్నాడు, నెలకి 30,000. సెక్షన్ మూస్తే ఆ పోస్టే ఉండదు. షీట్‌లో ‘స్థిరం’ అని రాసినా, ఈ నిర్ణయంలో అది తప్పించుకోగలిగే ఖర్చు. కాబట్టి 30 పూర్తిగా లెక్కలోకి వస్తుంది. ఖర్చు స్థిరమా, చరమా అన్నది ఇక్కడ అసలు పరీక్షే కాదు. అది ఆగుతుందా, ఆగదా అన్నదే పరీక్ష.

పర్మనెంట్ ఆపరేటర్లని కూడా తీసేస్తే? అప్పుడు ఆ 45 మిగులుతుంది గానీ, పనిచేసిన ప్రతి పూర్తి సంవత్సరానికీ 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాల్సి రావచ్చు. అది ఇకమీదట పెట్టబోయే ఖర్చే కాబట్టి కొనే దారి వైపు రాయాలి.

అద్దె, ఆఫీసు, సెక్యూరిటీ వాటా 50 రూపాయలు. లేత్ తీసేసినంత మాత్రాన షెడ్డు ఓనరు అద్దె తగ్గించడు, రాత్రి వాచ్‌మన్ జీతమూ తగ్గదు. ఈ 50 సున్నా.

## లేత్ మీద పెట్టిన 36 లక్షలు

ఎక్కువ వాదన నడిచేది ఇక్కడే. ఈ లేత్‌ని మూడేళ్ల కింద 36 లక్షలకి కొన్నారు. ఐదేళ్లలో సమానంగా తరుగుదల రాస్తున్నారు, ఏడాదికి 7,20,000, షాఫ్ట్‌కి 60. పుస్తకాల్లో ఇంకా 14,40,000 విలువ ఉంది. ‘అంత పెట్టి కొన్నాం, వాడకపోతే ఎలా?’ అని ఒకరంటారు. ‘ఇప్పుడు అమ్మితే పుస్తకాల్లో నష్టం చూపించాలి’ అని మరొకరంటారు. రెండూ వెనక్కి చూసి మాట్లాడే మాటలే. ఆ 36 లక్షలు మూడేళ్ల కిందే పోయాయి. షాఫ్ట్ చేసినా, కొన్నా అవి తిరిగిరావు. 60 రూపాయల తరుగుదల లెక్కలోంచి పోతుంది.

అలాగని లేత్ ఉచితం అనుకోవడం ఎదురు తప్పు. తరుగుదల కొట్టేసి చేతులు దులుపుకునే లెక్కలు చాలా కనిపిస్తాయి. లేత్‌ని ఇవాళ అమ్మితే 12 లక్షలు వస్తాయనుకుందాం. ఇంకో రెండేళ్లు వాడి అమ్మితే 7,20,000 వస్తాయి. అంటే ఉంచుకోవడం వల్ల రెండేళ్లలో 4,80,000 పోతుంది, ఏడాదికి 2,40,000, షాఫ్ట్‌కి 20. పైగా ఇవాళ వచ్చే 12 లక్షలతో బ్యాంకు అప్పు తీర్చుకుంటే, 10 శాతం వడ్డీ చొప్పున ఏడాదికి 1,20,000 మిగులుతుంది, షాఫ్ట్‌కి 10. మొత్తం 30. పుస్తక విలువ 14,40,000కీ అమ్మకం ధర 12 లక్షలకీ మధ్య తేడాతో మనకి పనిలేదు. ఆదాయపన్ను మీద దాని ప్రభావం ఏమైనా ఉంటే అది మాత్రం నిజమైన డబ్బు.

ఇప్పుడు సొంత తయారీకి కొత్త లెక్క: రాడ్డు 210, కరెంటు, టూల్స్ 40, కాంట్రాక్టు ఆపరేటర్లు 45, సూపర్‌వైజర్ 30, లేత్ 30. మొత్తం 355.

కొనే వైపు కూడా కొటేషన్‌లో ఉన్న 415తో అయిపోదు. ఆటో కిరాయి 6 రూపాయలు, వచ్చిన షాఫ్టులని కొలిచి తీసుకోవడానికి 4 రూపాయలు అనుకుంటే 425. జీఎస్‌టీని ఇందులో కలపకూడదు. పంపు మీద కట్టే పన్నులో అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. చిన్న వ్యాపారాలు టర్నోవర్ మీద ఒక శాతంగా పన్ను కట్టే కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్న యూనిట్‌కి ఆ క్రెడిట్ రాదు కాబట్టి, అక్కడ మాత్రం కట్టిన పన్నంతా ఖర్చే.

355కి 425. కొంటే షాఫ్ట్‌కి 70, ఏడాదికి 8,40,000 ఎక్కువ ఖర్చు. మొదట్లో చెప్పిన నష్టం ఇదే.

ఈ లెక్క ఊహల మీద ఎంత ఆధారపడి ఉందో కూడా చూడాలి. అసెంబ్లీలో ఎలాగూ ఇద్దరిని కొత్తగా తీసుకోబోతున్నారనుకుందాం. అప్పుడు పర్మనెంట్ ఆపరేటర్లని అక్కడికి పంపితే ఆ ఇద్దరి జీతం నిజంగానే మిగులుతుంది. సొంత తయారీ ఖర్చు 355 నుంచి 400కి పెరుగుతుంది. లేత్ ఖాళీ చేసిన జాగాలో సరుకు పెట్టుకుని, బయట నెలకి 25,000 అద్దె కడుతున్న గోడౌన్‌ని వదిలేయగలిగితే ఇంకో 25 కలుస్తుంది. అప్పుడు 425కి 425. తూకం సమానం. షెడ్డు అద్దె తగ్గలేదు, గోడౌన్ అద్దె తగ్గింది. అందుకే ‘అద్దె లెక్కలోకి రాదు’ అని ఒక సూత్రంలా బట్టీ పట్టడం ప్రమాదం.

## లేత్‌కి వేరే పని దొరికితే

ఇప్పటిదాకా షాఫ్ట్ ఆపితే లేత్ అమ్మేస్తారనుకున్నాం. పక్క వీధిలో ఇంకో కంపెనీ ‘మీ లేత్ ఖాళీ ఉంటే మా పార్టులు జాబ్ వర్క్‌కి ఇస్తాం, మెటీరియల్ మాదే, గంటకి 700’ అని అడిగితే?

లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి. ఎందుకంటే ఇప్పుడు పోలుస్తున్న దారులు మారాయి. షాఫ్ట్ చేసినా, జాబ్ వర్క్ చేసినా లేత్ ఉంటుంది, నలుగురు ఆపరేటర్లూ ఉంటారు, సూపర్‌వైజరూ ఉంటాడు. ఇందాక లెక్కలోకి వచ్చిన 45, 30, 30 రూపాయలు ఇప్పుడు రెండు దారుల్లోనూ ఒకేలా ఉన్నాయి కాబట్టి బయటికి పోతాయి. షాఫ్ట్ మానేస్తే మిగిలేది రాడ్డు 210, కరెంటు, టూల్స్ 40, మొత్తం 250 మాత్రమే. కొనాలంటే 425. అంటే షాఫ్ట్ సొంతంగా చేయడం వల్ల ఒక్కోదాని మీద 175 రూపాయలు ఆదా అవుతోంది.

ఒక షాఫ్ట్‌కి లేత్ మీద 20 నిమిషాలు పడుతుందనుకుందాం. గంటకి మూడు. అంటే లేత్ షాఫ్టుల మీద గంటకి 525 రూపాయలు సంపాదించి పెడుతోంది. కొటేషన్‌లో కనిపించని ఈ సంఖ్యే అసలైన గీటు. జాబ్ వర్క్‌లో గంటకి 700 వస్తే, అందులో కరెంటు, టూల్స్‌కి 120 పోను 580 మిగులుతుంది. 525 కన్నా 55 ఎక్కువ. అప్పుడు షాఫ్ట్ బయట కొని, లేత్‌ని జాబ్ వర్క్‌కి పెట్టడమే లాభం. షాఫ్టులకి ఏటా పట్టే 4,000 గంటలకీ పని దొరికితే 2,20,000 మిగులు. ఇలా ఒక దారి ఎంచుకోవడం వల్ల వదులుకునే లాభాన్ని అవకాశ వ్యయం అంటారు. ఏ బిల్లులోనూ, ఏ వోచర్‌లోనూ అది కనిపించదు. అందుకే ఎక్కువసార్లు మర్చిపోయేది కూడా దాన్నే.

అయితే జాబ్ వర్క్ 1,500 గంటలకే దొరికితే? అప్పుడు మొత్తం షాఫ్టులు కొనాల్సిన పనిలేదు. ఆ గంటల్లో తయారయ్యే 4,500 మాత్రం కొంటే చాలు. కాకపోతే 12,000కి ఇచ్చిన రేటుని వెండర్ 4,500కి ఇవ్వకపోవచ్చు. పది రూపాయలు పెంచినా షాఫ్ట్ ఆదా 185కి, గంటకి 555కి చేరుతుంది. 580తో తేడా 25 రూపాయలకి దిగుతుంది. 1,500 గంటలకి 37,500. ఆ మాత్రానికి అంత తతంగం ఎందుకని యజమాని అనుకుంటే తప్పుపట్టలేం.

## తప్పుగా కొంటే ఎలా బయటపడుతుంది

480కి 415 అని చూసి, వేరే పని ఏదీ లేకుండానే కొనేశారనుకోండి. మొదటి ఏడాది షాఫ్ట్ ఖర్చు తగ్గినట్టే రిపోర్టులో కనిపిస్తుంది. కానీ బ్యాంకు ఖాతాలో ఆ డబ్బు ఉండదు. షాఫ్ట్ మోసిన అద్దె వాటా 6,00,000 ఎక్కడికీ పోలేదు, పంపులో ఉన్న మిగతా పార్టుల మీదికి ఎక్కుతుంది. ఆ మొత్తం, పంపులో నీటిని నెట్టే చక్రాలైన 50,000 ఇంపెల్లర్ల మీద పడిందనుకుంటే ఒక్కోదానికి 12 రూపాయలు పెరుగుతుంది. నిన్నటిదాకా 140 ఉన్న ఇంపెల్లర్ షీట్ మీద 152 అవుతుంది. 148కి ఇస్తానన్న వెండర్ పోయినేడాది ఖరీదుగా కనిపించాడు, ఈ ఏడాది చవకగా కనిపిస్తాడు. ఇంపెల్లర్ కూడా బయటికి వెళుతుంది. తర్వాత ఆ అద్దె మూడో పార్టు మీద పడుతుంది.

ఒక పార్టు బయటికి ఇచ్చాక, ఏ ధరా పెరగకుండానే మిగతా పార్టుల కాస్ట్ షీట్లు ఉబ్బుతున్నాయంటే మొదటి నిర్ణయాన్ని తిరిగి తట్టి చూడాలి.

## ‘అన్నీ కొట్టేస్తే అద్దె ఎవరు కడతారు?’

పూర్తి ఖర్చే చూడాలని వాదించేవాళ్ల మాటలోనూ బలం ఉంది. ప్రతి నిర్ణయంలోనూ స్థిర ఖర్చుని పక్కనపెడుతూ పోతే, చివరికి ఆ ఖర్చుని ఎవరూ పట్టించుకోరు. సొంత తయారీ ఎప్పుడూ చవకగానే కనిపించి, అవసరం లేని షెడ్డూ, మనుషులూ అలాగే ఉండిపోతారు. యాక్టివిటీ ఆధారంగా ఖర్చు కట్టేవాళ్లు ఇంకో మాట అంటారు: స్టోరు, మెయింటెనెన్స్, కొనుగోలు విభాగాల ఖర్చు స్థిరంగా కనిపిస్తుంది గానీ, చేసే పార్టుల రకాలు పెరిగేకొద్దీ నిదానంగా అదీ పెరుగుతుంది. ఒక్క షాఫ్ట్ ఆపితే తగ్గదు, పది రకాలు ఆపితే తగ్గుతుంది. రెండో కొసన త్రూపుట్ పద్ధతి వాళ్లున్నారు. వాళ్ల దృష్టిలో కూలి కూడా దాదాపు స్థిర ఖర్చే, మెటీరియల్ ఒక్కటే నిజంగా ఆగేది.

నా మటుకు ఈ తగాదాలో సగం కాలవ్యవధి గురించే. ఆరు నెలల్లో ఆగని ఖర్చు ఐదేళ్లలో ఆగుతుంది. మన యూనిట్‌నే రెండేళ్లు ముందుకు జరిపి చూద్దాం. లేత్ అరిగిపోయింది, కొత్తది 40 లక్షలు. ఐదేళ్ల తర్వాత అమ్మితే 8 లక్షలు వస్తాయనుకుంటే ఏడాదికి 6,40,000, సగటు పెట్టుబడి 24 లక్షల మీద 10 శాతం వడ్డీ 2,40,000. రెండూ కలిపి షాఫ్ట్‌కి సుమారు 73. ఈ సొమ్ము ఇంకా ఖర్చు కాలేదు, కాబట్టి ఇది మునిగింది కాదు, పూర్తిగా లెక్కలోకి వస్తుంది. అసెంబ్లీలో కూడా ఈలోగా ఖాళీలు వచ్చి ఉంటాయి కాబట్టి, నలుగురి జీతమూ తప్పించుకోగలిగేదే. మిగతా ధరలు అలాగే ఉన్నాయనుకుంటే 210, 40, 90, 30, 73 కలిపి 443. కొంటే 425. ఇవాళ 70 రూపాయల తేడాతో ‘చేసుకో’ అన్న లెక్కే, పద్ధతి మారకుండా, రెండేళ్ల తర్వాత 18 రూపాయల తేడాతో ‘కొను’ అంటుంది. అందుకే ఈ ప్రశ్నని గట్టిగా అడగాల్సిన సమయం పాత మెషిన్ నడుస్తున్నప్పుడు కన్నా, కొత్తదానికి అడ్వాన్స్ కట్టే ముందు.

## 18 రూపాయల తేడాని ఎంత నమ్మొచ్చు

ఆ 18 ఏడాదికి 2,16,000. దాన్ని తినేసేవి కొన్ని ఉన్నాయి. వెండర్ పంపిన లాట్‌లో బేరింగ్ కూర్చునే చోట కొలత తేడా వచ్చి వెనక్కి పంపితే, షాఫ్ట్ ఖరీదు కన్నా ఆరోజు ఆగిన అసెంబ్లీ లైన్ ఖరీదే ఎక్కువ. సొంత లేత్ ఉంటే మధ్యాహ్నానికల్లా సరిచేసుకునేవాళ్లు. కాబట్టి కొనే యూనిట్ కొన్ని రోజుల స్టాకు అదనంగా పెట్టుకోవాలి, దాని మీద వడ్డీ కూడా కొనే వైపు రాయాల్సిందే. చెల్లింపు గడువు మీద లెక్కలు వేసుకునేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. వెండర్ సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. మూడు నెలల అరువు దొరుకుతుందని వేసుకున్న లెక్క అక్కడ నిలవదు.

సంస్థలు కొన్ని పనులు లోపలే ఎందుకు ఉంచుకుంటాయి, కొన్ని మార్కెట్లో ఎందుకు కొంటాయి అన్నదాని మీద 1937లో రొనాల్డ్ కోస్ రాశారు. తర్వాత ఆలివర్ విలియమ్సన్ దాన్ని ముందుకు తీసుకెళ్లారు. ఇద్దరికీ అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది, 1991లో కోస్‌కి, 2009లో విలియమ్సన్‌కి. విలియమ్సన్ ఎత్తిచూపిన ఇబ్బంది మన యూనిట్‌కి సరిగ్గా తగులుతుంది: ఒకరి కోసమే పనికొచ్చే పెట్టుబడి పెట్టాక బేరం చేసే బలం మారిపోతుంది. లేత్ షెడ్డులో ఉన్నన్నాళ్లు వెండర్‌కి మనం ఎప్పుడైనా సొంతంగా చేసుకోగలమన్న భయం ఉంటుంది. లేత్ అమ్మేసి, నేర్చిన ఆపరేటర్లు వేరే చోటికి వెళ్లాక ఆ భయం ఉండదు. ఆ కొలతల్లో షాఫ్ట్ చేసే వెండర్లు నలుగురైదుగురు దొరికితే పర్వాలేదు. ఒక్కడే ఉంటే, వచ్చే ఏడాది రేటు 415 నుంచి 433కి వెళ్లిన రోజున ఆ 18 రూపాయలూ వెండర్ జేబులోకి వెళతాయి. అప్పటికి సొంత తయారీకి తిరిగి రావాలంటే మళ్లీ 40 లక్షలు కావాలి.